ఆరింటికల్లా నెట్ వస్తుందంటే...

"ప్రియమైన కస్టమర్, ఫైబర్ కట్ కారణంగా మీ ప్రాంతంలో ఇంటర్నెట్ సేవలకు అంతరాయం కలిగింది. సాయంత్రం 6 గంటలకల్లా పునరుద్ధరిస్తాం. రూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. అసౌకర్యానికి చింతిస్తున్నాం."

కంపెనీ ఏదైనా, ఊరు ఏదైనా, నెట్ పోయినప్పుడు ఫోన్‌కి వచ్చే సందేశం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. దాన్ని చదివినవాళ్లు వెంటనే ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి సాయంత్రం మీటింగ్ ఉంచుకోవాలా, వాయిదా వేయాలా అని ఆలోచిస్తాడు. నెట్ సెంటర్ నడిపే ఆయన షట్టర్ దించేయాలా వద్దా అని చూస్తాడు. మర్నాడు ఫీజు గడువున్న విద్యార్థి ఆరింటి దాకా ఆగుదామా, పక్కవీధి స్నేహితుడి ఇంటికి పోదామా అని తర్జనభర్జన పడతాడు. అందరి లెక్కా ఆ సందేశంలోని 6 అనే అంకె మీదే నిలబడి ఉంటుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

ముందుగా, నెట్ పోయిన సంగతి కంపెనీకి ఎలా తెలుస్తుందో చూద్దాం. మన ఇంటి గోడకు బిగించిన చిన్న పెట్టెను ఓఎన్‌టీ అంటారు. ఫైబర్‌లో వచ్చే వెలుగును మన రూటర్‌కి అర్థమయ్యే సంకేతంగా మార్చేది అదే. అవతలి చివర కంపెనీ ఎక్స్ఛేంజ్‌లోనో, ఆపరేటర్ కంట్రోల్ రూమ్‌లోనో ఓఎల్‌టీ అనే పెద్ద పరికరం ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి బయల్దేరిన ఒకే ఫైబర్, దారిలో స్ప్లిటర్ల దగ్గర చీలి, సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు చేరుతుంది. ఏ పెట్టె వెలుగుతోందో, ఏది ఆగిపోయిందో ఓఎల్‌టీకి క్షణక్షణం తెలుస్తూనే ఉంటుంది.

ఇక్కడొక చక్కటి ఏర్పాటు ఉంది. ఇంట్లో కరెంటు పోతే చాలా ఓఎన్‌టీలు ఆరిపోయే ముందు, లోపల మిగిలిన కొద్దిపాటి విద్యుత్తుతో "నాకు కరెంటు పోయింది" అని ఒక చివరి సంకేతం పంపి మరీ ఆరిపోతాయి. సాంకేతిక భాషలో దీన్ని 'డైయింగ్ గ్యాస్ప్' అంటారు. ఒకే పోర్టులోని 64 పెట్టెల నుంచీ ఈ సంకేతం వచ్చిందంటే పోయింది ఆ పేటలో కరెంటు. ఏ సంకేతమూ లేకుండా అన్నీ ఒకేసారి మాయమయ్యాయంటే తెగింది ఫైబర్. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ఉద్యోగి కుర్చీలోంచి లేవకుండానే ఈ తేడా చెప్పగలడు. కాబట్టి ఎస్సెమ్మెస్‌లో 'ఫైబర్ కట్' అన్న మాట చాలావరకు నమ్మదగిందే. కష్టమంతా గడువు దగ్గరే.

ఒక ఉదాహరణ అనుకుందాం. మధ్యాహ్నం పన్నెండింటికి, మురుగు కాలువ కోసం తవ్వుతున్న జేసీబీ రోడ్డు పక్కనున్న 24 ఫైబర్ల కేబుల్‌ను లాగేసింది. తెగిందని తెలిసింది, ఎక్కడ తెగిందో తెలియదు. దాన్ని కనిపెట్టడానికి ఓటీడీఆర్ అనే చేతిపెట్టె వాడతారు. అది ఫైబర్‌లోకి ఒక వెలుగు తునకను పంపి, తిరిగొచ్చే వెలుగు కోసం కాచుకుంటుంది. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి సెకనులో పది లక్షల వంతులు 32 పట్టాయంటే, తెగిన చోటు అక్కడికి 3.2 కిలోమీటర్ల దూరంలో ఉందని లెక్క.

అయితే ఆ 3.2 కిలోమీటర్లు కేబుల్ పొడవు, రోడ్డు పొడవు కాదు. ముందు ముందు పనికొస్తుందని స్తంభాల మీదా, చాంబర్లలోనూ కేబుల్‌ను చుట్టలు చుట్టి వదిలేస్తారు. సందుల్లో మలుపులు తిరిగిన పొడవూ అందులోనే ఉంటుంది. ఏ చుట్ట ఎక్కడుందో మ్యాప్‌లో సరిగ్గా రాసిపెట్టుకున్న కంపెనీ నేరుగా గుంత దగ్గరికే పోతుంది. రాసిపెట్టుకోని కంపెనీ మనుషులు వీధి వెంట నడుచుకుంటూ, "ఇక్కడెవరైనా తవ్వారా?" అని అడుగుతూ పోవాల్సిందే. ఒకే రకం కట్‌ను ఒక కంపెనీ మూడు గంటల్లో సరిచేస్తే మరొకటి ఏడు గంటలు తీసుకోవడానికి చాలాసార్లు ఈ మ్యాపే కారణం.

చోటు దొరికాక అసలు పని మొదలవుతుంది. జేసీబీ పంటికి తగిలిన కేబుల్ కత్తితో కోసినట్టు తెగదు. సాగి, నలిగి, లోపలి గాజు చాలా దూరం వరకు దెబ్బతింటుంది. అందుకని పాడైన ముక్కను తీసేసి, మధ్యలో కొత్త ముక్క వేసి, రెండు చివర్లా జాయింట్లు కొట్టాలి. అంటే 24 ఫైబర్ల కేబుల్‌కి మొత్తం 48 జాయింట్లు. స్ప్లైసింగ్ చేసే కుర్రాడు గుంత పక్కనే పట్టా పరచుకుని, దుమ్ము పడకుండా వీలైతే వ్యాన్ లోపలే కూర్చుంటాడు. ఒక్కో ఫైబర్ పై పూత ఒలిచి, ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడుస్తాడు. మిగిలే గాజు పోగు మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు లావు. దాన్ని క్లీవర్ అనే పనిముట్టుతో నిట్టనిలువుగా కోస్తాడు. రెండు కొసలనూ మెషీన్‌లో ఎదురెదురుగా పెడితే అది వాటిని వరసకు తెచ్చి, చిన్న నిప్పురవ్వతో కరిగించి అతికేస్తుంది. అతుకు మీదికి చిన్న గొట్టం జరిపి వేడిచేస్తే అది బిగుసుకుని కాపుగా ఉంటుంది. నీలానికి నీలం, నారింజకి నారింజ, ఆకుపచ్చకి ఆకుపచ్చ అని రంగు చూసి కలపాలి. తారుమారైతే ఒక వీధి లైను ఇంకో వీధికి పోతుంది.

చేయి తిరిగినవాడికి కూడా ఒక్కో జాయింటుకి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. 48 జాయింట్లంటే దాదాపు మూడు గంటలు. రెండు చివర్లా ఇద్దరు కూర్చుంటే అందులో సగం. చోటు వెతకడానికి ఓ గంట, మనుషులూ సామానూ చేరడానికి ఓ గంట, కేబుల్ ముక్క వేయడానికి ఇంకో గంట, జాయింట్లకు మూడు గంటలు. పన్నెండింటికి తెగిన లైను ఆరింటికి వస్తుందన్న లెక్క ఇలా పుడుతుంది. అన్నీ అనుకున్నట్టు జరిగితే ఆ అంకె నిజమే అవుతుంది.

జాయింట్లు ఒక్కొక్కటిగా పూర్తవుతాయి కాబట్టి లైన్లు కూడా ఒక్కొక్కటిగానే లేస్తాయి. ఎక్కువ మంది కస్టమర్లున్న ఫైబర్లను ముందు కలిపి, ఖాళీగా ఉన్నవాటిని ఆఖరికి వదిలేయడం మామూలు. పక్కవీధికి నాలుగున్నరకే నెట్ వచ్చి మన వీధికి రాలేదంటే మనల్ని మరిచిపోయారని కాదు, మన రంగు ఫైబర్ వంతు ఇంకా రాలేదని.

మరి చెప్పిన గడువు ఎందుకు తప్పుతుంది? వర్షం పడితే జాయింట్ పని ఆగుతుంది. గుంత తవ్వినవాళ్లు పని ఆపకపోతే దిగడానికి చోటుండదు. వీటన్నిటికంటే పెద్ద కారణం ఒకటుంది, అది బయటివాళ్లకు అంతగా తెలియదు. ఓటీడీఆర్ మొదటి తెగును మాత్రమే చూపిస్తుంది. వెలుగు అక్కడే ఆగిపోతుంది కాబట్టి ఆ తర్వాత ఇంకెన్ని చోట్ల తెగిందో దానికి కనిపించదు. మొదటిది అతికాకే రెండోది బయటపడుతుంది. 'ఆరింటికల్లా' అన్న సందేశం ఆరుంబావుకి 'తొమ్మిదింటికల్లా' అని మారితే, చాలాసార్లు దాని వెనక ఉన్నది ఇలాంటి రెండో తెగే.

2025 ఆగస్టులో హైదరాబాద్ చూసింది దీన్నే. రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ విషాదం తర్వాత కరెంటు స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను విద్యుత్ సిబ్బంది పెద్దయెత్తున కత్తిరించారు. నగరంలో చాలా పేటల్లో నెట్ పోయింది. ఎయిర్‌టెల్ హైకోర్టుకు వెళ్లింది. ప్రాణాలు తీసే తీగల గుట్టలను తొలగించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ స్తంభం తర్వాత స్తంభం దగ్గర తెగిన లైనుకి ఏ ఇంజనీరూ నిజాయితీగా ఒక టైము చెప్పలేడు. ఒకచోట అతికి చూస్తే వంద మీటర్ల అవతల మళ్లీ తెగి ఉంటుంది. అలాంటి రోజున "ఆరింటికల్లా" అని పంపిన సందేశం కంటే "ఇంకా ఎన్నిచోట్ల తెగిందో చూస్తున్నాం, రాత్రి ఎనిమిదింటికి మళ్లీ చెబుతాం" అన్న సందేశమే కస్టమర్‌కు ఎక్కువ మేలు చేస్తుంది.

తెగింది తీగ కాకుండా, తప్పు కంపెనీ గుండెకాయలోనే జరిగితే పరిస్థితి ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. కెనడాలో 2022 జూలై 8న రోజర్స్ సంస్థకు ఎదురైంది అదే. తెల్లవారుజామున మొదలైన అంతరాయం కోటీ ఇరవై లక్షల మందికి పైగా కస్టమర్లను తాకింది. టొరంటో, బ్రాంప్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు కూడా ఆ రోజు దాని బారిన పడ్డాయి. ఇంట్లో నెట్ లేదు, చేతిలో ఫోన్ పనిచేయదు, దుకాణంలో డెబిట్ కార్డు గీసినా డబ్బు కట్టలేరు. అత్యవసర నంబరు 911కి కూడా చాలామంది ఫోన్ చేయలేకపోయారు.

ఏ జేసీబీ ఏ కేబుల్‌నీ తాకలేదు. ప్రధాన నెట్‌వర్క్‌ను దశలవారీగా మెరుగుపరిచే పనిలో ఆరో దశ నడుస్తోంది. అందులో భాగంగా రూటర్లలో ఒక వడపోత నియమాన్ని తీసేశారు. అప్పటిదాకా ఆ నియమం ఆపుతూ వచ్చిన దారుల సమాచారమంతా కేంద్ర రూటర్ల మీదికి ఒక్కసారిగా వచ్చిపడింది. మోయలేక అవి కూలిపోయాయి. ఇంజనీర్లు దూరం నుంచి పరికరాల్లోకి లాగిన్ అయ్యే దారి కూడా ఆ నెట్‌వర్క్ మీదుగానే ఉండటంతో లోపలికి వెళ్లి చూసే వీలే లేకపోయింది. సిబ్బంది ఫోన్లూ అదే కంపెనీవి, అవీ మూగబోయాయి. కెనడా టెలికాం నియంత్రణ సంస్థ చేయించిన స్వతంత్ర సమీక్ష ప్రకారం, అసలు కారణాన్ని గుర్తించడానికే దాదాపు 14 గంటలు పట్టింది. పూర్తిగా తేరుకోవడానికి ఒక రోజు దాటింది.

కారణమే తెలియనప్పుడు గడువు ఎలా చెబుతారు? ఆ రోజు రోజర్స్ గడువు చెప్పలేకపోయింది. అందులో తప్పు పట్టడానికి లేదు. తప్పు పట్టాల్సింది ఉదయం గంటలకొద్దీ సాగిన మౌనాన్ని. నెట్ పోయిన మనిషికి ఎప్పుడొస్తుందో చెప్పలేకపోయినా, తిరిగి ఎప్పుడు మాట్లాడతారో చెప్పొచ్చు. అది ఏ రూటర్ చేతిలోనూ లేదు. ఆ తర్వాత సంస్థ అధినేత క్షమాపణ చెప్పారు, కస్టమర్లకు ఐదు రోజుల చార్జీని వెనక్కి ఇచ్చారు.

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మంచి నోటీసు ఎలా ఉండాలో తేలిపోతుంది. మొదట్లో చూసిన ఎస్సెమ్మెస్‌నే ఇలా రాసి ఉంటే ఎలా ఉండేదో చూడండి:

"మధ్యాహ్నం 12:05 నుంచి గాంధీబొమ్మ సెంటర్, రైతుబజార్ వీధుల్లో మా నెట్ ఆగిపోయింది. కాలువ తవ్వకంలో కేబుల్ తెగింది. చోటు దొరికింది, జాయింట్ పని జరుగుతోంది. సాయంత్రం 6 గంటలకు వస్తుందని అంచనా. 4 గంటలకు మళ్లీ సందేశం పంపుతాం. మీ పెట్టె మీద LOS లైటు ఎర్రగా ఉంటే మీరు చేయాల్సింది ఏమీ లేదు. దయచేసి రీసెట్ నొక్కకండి. మీ పని ఆగిపోయినందుకు క్షమించండి."

ఇందులో పొగడ్తలూ లేవు, పెద్ద మాటలూ లేవు. ఎప్పటి నుంచి, ఏ వీధుల్లో, పని ఎంతవరకు వచ్చింది, మళ్లీ ఎప్పుడు చెబుతారు అన్న నాలుగూ ఉన్నాయి. వీటిలో "చోటు దొరికింది" అన్న రెండు మాటలే అసలు గుట్టు. అవి ఉంటే గడువును నమ్మి మీటింగ్ ఉంచుకోవచ్చు. లేకపోతే ఆ గడువు ఊహ మాత్రమే, ఇంకో ఏర్పాటు చేసుకోవడం మంచిది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అడగాల్సిన ప్రశ్న కూడా "ఎప్పుడొస్తుంది?" అని కాదు, "తెగిన చోటు దొరికిందా?" అని.

ఇక ఇంట్లో చేయాల్సిన పని. ముందు పెట్టె మీది లైట్లు చూడాలి. PON అని రాసి ఉన్న లైటు నిలకడగా పచ్చగా వెలుగుతోందంటే ఫైబర్ బాగానే ఉంది. LOS దగ్గర ఎర్రలైటు మెరుస్తోందంటే ఇంటికి వెలుగు రావడం లేదు. తప్పు బయట ఉంది, లేదా పెట్టె వెనక సన్నటి తీగ ఊడిందో, బల్లకింద నలిగిందో అయ్యుంటుంది. తీగ మరీ వంగిపోయి ఉంటే సర్దండి, అంతకు మించి ముట్టుకోకండి. ఊడదీసి ఊది మళ్లీ పెట్టడం చాలామందికి అలవాటు. కొస మీద చేరిన తేమా, దుమ్మూ ఉన్న వెలుగును కూడా ఆపేస్తాయి. ఊడదీసిన కొసలోకి కన్ను పెట్టి చూడటం అసలు వద్దు. అందులోంచి వచ్చే లేజర్ కంటికి కనిపించదు.

రీస్టార్ట్‌కీ రీసెట్‌కీ మధ్య తేడా తెలియక నష్టపోతున్నవాళ్లు చాలామంది. రీస్టార్ట్ అంటే స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేయడం. ఎర్రలైటు వెలుగుతున్నంతసేపూ దాని వల్ల ఒరిగేదేమీ లేదు. లైను వచ్చాక మాత్రం పనికొస్తుంది. పాత కనెక్షన్ మధ్యలో చిక్కుకుపోతే దాన్ని వదిలించి కొత్తగా లాగిన్ అయ్యేలా చేస్తుంది. ఎస్సెమ్మెస్‌లో ఆ సలహా ఉండేది అందుకే. రీసెట్ వేరు. పెట్టె వెనక పిన్నుతో నొక్కే చిన్న రంధ్రం అది. దాన్ని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే కంపెనీవాళ్లు పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, సెట్టింగ్‌లు చెరిగిపోతాయి. అప్పుడు ఆరింటికి వీధంతా నెట్ వచ్చినా ఆ ఇంటికి మాత్రం రాదు. టెక్నీషియన్ వచ్చి మళ్లీ ఎక్కించాల్సిందే, ఆ రోజు అతను ఎక్కడున్నాడో తెలిసిందే కదా.

లైట్లన్నీ పచ్చగానే ఉన్నా సైట్లు తెరుచుకోకపోతే, కంప్యూటర్‌లో ఈ రెండు ఆదేశాలూ కొట్టి చూడొచ్చు:

```
ping 8.8.8.8
ping google.com
```

మొదటిదానికి జవాబు వచ్చి, రెండోది పేరు దొరకలేదని చెబితే లైను బాగానే ఉంది, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర తేడా వచ్చిందని అర్థం. ఈ ముక్క కస్టమర్ కేర్‌కి చెబితే "రూటర్ ఆపి వేయండి" అనే పాట దాటి ముందుకు వెళ్తారు.

పరిహారం సంగతి కూడా తెలుసుకోవాలి. 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం, జిల్లా స్థాయిలో సేవ 4 గంటలకు మించి ఆగితే కంపెనీ ఆ సంగతిని ట్రాయ్‌కి తెలియజేయాలి. 24 గంటలు దాటితే పోస్ట్‌పెయిడ్ కస్టమర్ల బిల్లులో అన్ని రోజుల అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పెంచాలి. ప్రకృతి విపత్తులకు మినహాయింపు ఉంది. ఒక వీధికో పేటకో పరిమితమైన కట్ దీని కిందికి రాదు. అక్కడ పనిచేసేది మీ ఫిర్యాదు ఒక్కటే.

అందుకే "సమస్య మాకు తెలుసు, ఫిర్యాదు అక్కర్లేదు" అని అవతలివాళ్లు అన్నా వినకండి. డాకెట్ నంబరు అడిగి తీసుకోండి, నెట్ పోయిన టైమూ వచ్చిన టైమూ పక్కన రాసుకోండి. జవాబు నచ్చకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. ఆ అప్పీలులో ముందుగా అడిగేది డాకెట్ నంబరే.